ఒక పొడి అక్షరం కథ

పదవీ విరమణ చేసిన తెలుగు పండితునికి ఆదాయపు పన్నుతో ఏమి పని అని మిత్రులకు సందేహం కలుగవచ్చు. నాకూ చాలాకాలం ఆ సందేహమే ఉండేది. అయితే ఉద్యోగ జీవితమంతా కూడబెట్టినదీ, విరమణ నాడు చేతికి వచ్చినదీ కలిపి బ్యాంకులో డిపాజిట్టు చేసినవాడికి పన్ను తానుగా వచ్చి తలుపు తడుతుంది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో నాకు ఆ డిపాజిట్లమీద 1,20,000 రూపాయల వడ్డీ వచ్చింది. అందులోనుంచి బ్యాంకువారు నూటికి 10 వంతున 12,000 రూపాయలు మినహాయించి ప్రభుత్వానికి జమ కట్టారు. వారి తప్పేమీ లేదు. ఏప్రిల్ నెలలోనే 15హెచ్ అనే పత్రం నింపి ఇచ్చి ఉంటే మినహాయించేవారు కారు. ఆ పత్రం మా బీరువాలో, నా కళ్ళజోడు పాత పెట్టెకింద, సంవత్సరం పొడుగునా భద్రంగా ఉన్నది.

లెక్క చెబుతాను. పెన్షను 5,40,000, వడ్డీ 1,20,000, వెరసి 6,60,000. ప్రామాణిక మినహాయింపు 50,000 పోగా 6,10,000. ఆ సంవత్సరం కొత్త పద్ధతిలో 7,00,000 దాటని వారికి రాయితీ పోగా కట్టవలసిన పన్ను సున్న. కాబట్టి కోసిన 12,000 మొత్తమూ నాకు తిరిగి రావలసినదే.

ఈ 12,000 రూపాయలకు మా ఇంట్లో అప్పటికే ఒక గమ్యం నిర్ణయమై ఉన్నది. మా ఆవిడకు ఎడమ చెవి రెండేళ్ళుగా సరిగా వినబడటం లేదు. వినికిడి యంత్రం పెట్టుకోమని వైద్యులు చెప్పారు. వెల ముప్పయి వేల పైచిలుకు. "ఆ పన్ను డబ్బు రానివ్వండి, దానికి మిగతాది వేసి కొందాం. డిపాజిట్టు మాత్రం కదిలించవద్దు" అన్నది. మేము పెళ్ళయిన నాటినుంచీ ఇంటి జమాఖర్చుల విషయంలో తుది తీర్పు ఆమెదే. నేను అప్పీలుకు వెళ్ళిన సందర్భాలు లేవు.

2024 జూలై రెండవ వారంలో రిటర్ను దాఖలు చేశాను. ఆధార్‌కు వచ్చిన ఓటీపీతో అదే రోజు ధ్రువీకరించాను. సెప్టెంబరులో బెంగుళూరులోని కేంద్రంనుంచి 143(1) సెక్షను కింద సమాచారం వచ్చింది. నా లెక్కా వారి లెక్కా కుదిరాయి. పైగా ఏప్రిల్‌నుంచి నెలకు నూటికి అర్ధరూపాయి చొప్పున ఆరు నెలల వడ్డీ 360 కలిపి, 12,360 రూపాయలు ఇవ్వవలసి ఉన్నదని తేల్చారు. ఆ కాగితాన్ని ముద్రించి మా ఆవిడకు చూపించాను. ఆమె దానిని దేవుడి పటం దగ్గర పెట్టింది.

నేను చేసిన మొదటి పొరపాటు ఆ కాగితాన్ని డబ్బు అనుకోవడం. అది తీర్పు మాత్రమే. తీర్పు వేరు, అమలు వేరు. రిటర్నును పరిశీలించి ఎంత ఇవ్వాలో తేల్చడం ఒక పని. ఆ మొత్తాన్ని స్టేట్ బ్యాంకు ద్వారా మన ఖాతాలో జమచేయడం మరొక పని. మొదటిది నిర్విఘ్నంగా పూర్తయి రెండవది గడప దగ్గర ఆగిపోవచ్చు. ఆగిపోతే మన తలుపు తట్టి చెప్పేవారు ఉండరు. ఎక్కడో ఒక ఈమెయిలు వచ్చి పడుతుంది, మనం చూడం.

దసరా వెళ్ళింది. దీపావళి వెళ్ళింది. ప్రతి సోమవారమూ పాసుపుస్తకం పట్టుకొని బ్యాంకుకు వెళ్ళి అచ్చు వేయించుకొని వచ్చేవాడిని. పెన్షను పడుతున్నది, పాల డబ్బులు పోతున్నవి, పన్ను డబ్బు జాడ లేదు. నవంబరు నడుమ మా పక్కింటి కుర్రవాడు, నా దగ్గర పదవ తరగతి చదివినవాడు, విషయం విని "మాస్టారూ, బ్యాంకులో చూస్తే ఏం తెలుస్తుందండీ? పోర్టల్లో చూశారా?" అన్నాడు. చూడలేదు. తీర్పు ప్రతి దేవుడి దగ్గర ఉన్నది కదా అనే ధైర్యం!

ఇద్దరమూ కూర్చుని incometax.gov.in తెరిచాము. దాఖలు చేసిన రిటర్నులు చూపే చోట, నా 2024-25 అసెస్‌మెంటు సంవత్సరం ఎదురుగా, Refund Failed అని ఉన్నది. అంటే డబ్బు బయలుదేరింది, ఇల్లు దొరకక వెనక్కి పోయింది. 2019 మార్చి 1నుంచి ఈ సొమ్మును చెక్కుగా పంపడం మానివేశారు. పాన్‌తో ముడిపడి, ముందుగా ధ్రువీకరణ పొందిన ఖాతాలోనే వేస్తారు. నా ఖాతాకు ఆ ధ్రువీకరణ లేదు. రిటర్ను నింపేటప్పుడు ఆ సంగతి తెరమీద ఎక్కడో సూచించే ఉంటారు. నా దృష్టి ఖాతా సంఖ్యలో అంకెలు సరిగా ఉన్నాయా అన్నదానిమీదనే నిలిచింది. అంకెలు సరిగానే ఉన్నాయి.

"అయితే మళ్ళీ పంపమని అడుగుదాం" అన్నాను. Services అనే శీర్షిక కింద Refund Reissue అని ఒకటి ఉన్నది. అందులోకి వెళ్ళి నా రిటర్నును ఎన్నుకొంటే, ఏ ఖాతాకు పంపాలి అని అడిగింది. ఎన్నుకొనేందుకు పనికివచ్చే ఖాతా ఒక్కటీ లేదు. ఇల్లు లేనివాడు తపాలా చిరునామా ఏమి వ్రాస్తాడు? కుర్రవాడు నా ప్రొఫైలులోని My Bank Account అనే చోటికి తీసుకొనివెళ్ళాడు. అక్కడ మూడు అరలు ఉంటాయి: చేర్చిన ఖాతాలు, విఫలమైన ఖాతాలు, తొలగించిన ఖాతాలు. నా ఖాతా నడిమి అరలో, కారణంతో సహా, పడి ఉన్నది.

మొదటి కారణం తేలికగానే తెలిసింది. ఆ ఖాతాను మా అబ్బాయి 2019లో సెలవులకు వచ్చినప్పుడు పోర్టల్లో చేర్చాడు. 2020 ఏప్రిల్ 1న పది ప్రభుత్వరంగ బ్యాంకులు నాలుగుగా కలిసిపోయినప్పుడు నా బ్యాంకు కూడా మరొక దానిలో కలిసింది. ఖాతా సంఖ్య మారలేదు, శాఖ మారలేదు, గుమాస్తా సైతం మారలేదు. ఐఎఫ్ఎస్ సంకేతం మారింది. పదకొండు స్థానాల ఆ సంకేతంలో మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, ఐదవది సున్న, చివరి ఆరు శాఖవి. బ్యాంకు పేరే మాయమయ్యాక పాత నాలుగు అక్షరాలకు అర్థం లేదు. వ్యాకరణంలో ఆదేశం శత్రువువంటిదని, ఆగమం మిత్రునివంటిదని పిల్లలకు చెప్పేవాడిని. ఆదేశం ఉన్న అక్షరాన్ని వెళ్ళగొట్టి ఆ పీటమీద తాను కూర్చుంటుంది. అది బ్యాంకులకూ వర్తిస్తుందని నాకు అప్పుడు స్ఫురించలేదు.

కొత్త పాసుపుస్తకం మొదటి పుట చూసి కొత్త సంకేతం ఎక్కించి Re-Validate నొక్కాము. పరిశీలనలో ఉన్నదని చూపించింది. దీనికి పది పన్నెండు పనిదినాలు పట్టవచ్చునని అక్కడే వ్రాసి ఉన్నది. నెలాఖరుకు ఫలితం వచ్చింది. మళ్ళీ విఫలం! ఈసారి కారణం వేరు. పాన్‌లో ఉన్న పేరూ, బ్యాంకులో ఉన్న పేరూ కలవలేదట.

ఇక్కడ నా పేరు చెప్పవలసి వస్తున్నది. చెప్పను కాని, దానివంటి దానిని ఒకటి కల్పించి చెబుతాను. ఇంటిపేరు కొండూరి, పేరు రామారావు అనుకోండి. మన సంప్రదాయంలో ఇంటిపేరు ముందు, పేరు వెనుక. పాన్ దరఖాస్తు మన సంప్రదాయాన్ని ఎరుగదు. దానిలో మూడు గళ్ళు: చివరి పేరు, మొదటి పేరు, నడిమి పేరు. చివరి పేరు గడిలో ఇంటిపేరు వ్రాయాలి. మొదటి పేరులోనూ చివరి పేరులోనూ పొడి అక్షరాలు పనికిరావు, విడమరచి వ్రాయవలసినదే. అందువల్ల పాన్‌లో నేను ఇలా అయ్యాను:

```
RAMA RAO KONDURI
```

బ్యాంకు ఖాతా అంతకు చాలా ముందే, నా తొలి జీతం నాటిది. ఆ రోజులలో గుమాస్తా పెద్ద పుస్తకంలో చేత్తో వ్రాసుకొన్న పేరు తరువాత కంప్యూటరులోకి ఎక్కింది. అక్కడ నేను ఇలా ఉన్నాను:

```
K RAMARAO
```

మన కంటికి ఇద్దరూ ఒక్కరే. ఈ ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. యంత్రం కంటికి మాత్రం మొదటివాడికి మూడు మాటలు, రెండవవాడికి రెండు. మొదటివాడి ఇంటిపేరు ఏడు అక్షరాలు, రెండవవాడిది ఒక్కటి. రామ, రావు అనే రెండు మాటలు ఒకచోట విడిగా, ఒకచోట సమాసంగా ఉన్నవి. విగ్రహవాక్యం చెప్పమంటే నేను చెప్పగలను కాని వినేవారు లేరు.

మా ఆవిడ ఒక ఉపాయం చెప్పింది. "నా ఖాతా బాగానే ఉన్నదిగా, అందులో వేయించండి" అన్నది. కుదరదు. ఖాతాకు ముడిపడిన పాన్ పన్ను చెల్లించినవాడిదే కావాలి. అయితే అదే ఖాతా కావాలన్న నియమం మాత్రం లేదు. పేరు పూర్తిగా ఉండి పాన్ జతపడిన నా సొంత ఖాతా మరొకటి ఉంటే దానిని ధ్రువీకరించుకొని పని జరుపుకోవచ్చు. నాకు ఉన్నది ఆ ఒక్క ఖాతాయే.

డిసెంబరు మొదటి వారంలో బ్యాంకుకు వెళ్ళాను. కౌంటరులోని యువకుడు వినయంగానే విని "పాన్ కార్డులో పేరు మార్పించుకోండి సార్, ఇక్కడిదానికి సరిపోతుంది" అన్నాడు. ఒక్క క్షణం ఒప్పుకోబోయాను. తరువాత ఆలోచించాను. పాన్‌లో పొడి అక్షరమే పనికిరాదన్నప్పుడు బ్యాంకులోని K అక్షరానికి సరిపోయేలా దానిని ఎలా మార్చగలం? పైగా పాన్‌తో ఆధార్ ముడిపడి ఉన్నది. 2023 జూలై 1నుంచి ఆ ముడి లేనివారి పాన్ పనిచేయకుండా పోయింది, అటువంటివారికి తిరిగి రావలసిన సొమ్ము కూడా రాదు. కుదిరి ఉన్నదానిని కదిలించి కుదరనిదానికి సరిచేయడం వివేకం కాదు. పోర్టలు పాన్‌లోని పేరును కొలబద్దగా పెట్టుకొని బ్యాంకులోని పేరును కొలుస్తున్నది. మార్చవలసింది కొలబద్దను కాదు, బట్టను.

శాఖ అధికారిణి దగ్గరకు వెళ్ళి ఈ మాటే చెప్పాను. ఆమె నా పాన్ ప్రతి, ఆధార్ ప్రతి తీసుకొని, పేరులోని పొడి అక్షరాన్ని విస్తరించవలసిందిగా ఒక అర్జీ వ్రాయించుకొన్నది. అప్పుడు నాకు అసలు భయం పట్టుకొన్నది. ఆ ఖాతాలోనే నా పెన్షను పడుతుంది. పేరు మారిస్తే జనవరి పెన్షను ఆగిపోతే? 12,000 కోసం వెళ్ళి నెలకు 45,000 పోగొట్టుకొన్నవాడినవుతానా? ఆ మాట అడగడానికి కొంచెం సిగ్గుపడ్డాను, అడిగాను. "మాస్టారూ, ఖాతా నంబరు మారడం లేదు కదండీ. మనిషీ మారడం లేదు. ఇంటిపేరు పూర్తిగా రాస్తున్నాం, అంతే. అయినా మీ తృప్తికోసం ట్రెజరీలో ఒక మాట చెప్పి రండి" అన్నది. వెళ్ళి చెప్పి, పేరు సవరణ అర్జీ నకలు ఒకటి ఇచ్చి వచ్చాను. పెన్షను ఆగలేదు. అయినా జనవరి మొదటి తేదీ వరకు నాకు నిద్ర సరిగా పట్టలేదన్నది నిజం.

అర్జీ ఇచ్చి బయటకు రాబోతుండగా ఆమె మరొక మాట అన్నది. "మీ పాన్ నంబరు కూడా ఖాతాకి ఎక్కి ఉందో లేదో చూస్తానుండండి." ఎక్కి ఉన్నది. ఎక్కి ఉండకపోతే పేరు సరిపోయినా మూడవసారి విఫలమయ్యేదని చెప్పింది. ఒక్కొక్క కారణమే తెరమీద బయటపడుతుంది గనుక, బ్యాంకుకు వెళ్ళినప్పుడే పేరు, పాన్, సంకేతం మూడూ ఒకేసారి చూపించుకోవడం మంచిది. నేను విడివిడిగా తెలుసుకొని నెల పోగొట్టుకొన్నాను.

ఈ నడుమ ఒక రాత్రి ఫోనుకు సందేశం వచ్చింది. నా రిఫండు మంజూరైనదని, ఖాతా సంఖ్య తప్పుగా ఉన్నదని, ఈ లంకె నొక్కి సరిచేసుకొమ్మని. నిజంగానే ఖాతా తప్పై నెలలుగా ఎదురుచూస్తున్నవాడికి అటువంటి మాట వేదవాక్కులా వినిపిస్తుంది. వేలు లంకెమీదకు పోయింది కూడా. అందులో ఉన్న మొత్తం నా 12,360 కాకపోవడం వల్ల ఆగాను. లెక్క గుర్తుండడం ఒక్కొక్కప్పుడు ఇలా కాపాడుతుంది. ఆ శాఖవారు సందేశాలలో రహస్య సంఖ్యలూ ఖాతా వివరాలూ అడగరు. ఏది చూడవలసి వచ్చినా పోర్టలు చిరునామా మనమే టైపు చేసి లోపలికి వెళ్ళి చూసుకోవాలి.

నాలుగు రోజుల తరువాత పాసుపుస్తకం కొత్తగా అచ్చువేయించాను. మొదటి పుటలో RAMA RAO KONDURI అని చూసుకొన్నాకనే మళ్ళీ Re-Validate నొక్కాను. బ్యాంకు రికార్డు మారకముందే తొందరపడి నొక్కితే పాత పేరే వెళ్ళి, విఫలమై, మరికొన్ని రోజులు పోతాయి. డిసెంబరు చివరి వారంలో Validated అని వచ్చింది. నేను సంతోషించి కంప్యూటరు మూసివేయబోయాను. కుర్రవాడు నా చేయి పట్టుకొన్నాడు. "ఇంకా రెండు ఉన్నాయి మాస్టారూ."

ఇది చాలామంది ఆగిపోయే చోటు గనుక వివరంగా చెబుతాను. ఖాతా ధ్రువీకరణ పొందినంత మాత్రాన డబ్బు రాదు. ధ్రువీకరణ అంటే ఆ ఇల్లు ఈ మనిషిదేనని ఒప్పుకోవడం. ఆ తరువాత, రిఫండు ఆ ఇంటికే రావాలని Nominate for Refund అనే మీటను తిప్పాలి. అదీ చాలదు. ఒకసారి బయలుదేరి వెనక్కి పోయిన డబ్బు తనంతట తాను మళ్ళీ బయలుదేరుతుందని నమ్ముకోకూడదు, మనం పిలవాలి. అందుకు మొదట మనం ఖాళీ చేతులతో తిరిగివచ్చిన Refund Reissue దగ్గరకే మళ్ళీ వెళ్ళి, రిటర్నును ఎన్నుకొని, ఇప్పుడు కనిపిస్తున్న ఖాతాను ఎన్నుకొని, ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించాలి. చివరి ఓటీపీ వేయకుండా వదిలిన అర్జీ సంతకం చేయని చెక్కువంటిది. 2025 జనవరి మొదటి వారంలో ఆ పని పూర్తిచేశాము.

సంక్రాంతి వెళ్ళిన వారంలో 12,360 రూపాయలు పడ్డాయి. సెప్టెంబరులో తేల్చిన మొత్తమే, పైసా ఎక్కువ లేదు, తక్కువ లేదు. నెలకు 60 రూపాయల వడ్డీ నాలుగు నెలలకు మరొక 240 వస్తుందని పక్కింటివారితో వాదించిన మాట దాచను. ఆలస్యం నా ఖాతా వల్ల జరిగినప్పుడు ఆ వడ్డీ ఏ ముఖంతో అడగను?

ఆ నెలలోనే వినికిడి యంత్రం కొన్నాము. పెట్టుకొన్న రోజు మా ఆవిడ మొట్టమొదట అన్న మాట, "మన గోడగడియారం ఇంత గట్టిగా కొట్టుకుంటుందా!"

నా మనసులో మాత్రం ఒక ముల్లు మిగిలింది. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో ప్రతి జూన్ నెలలోనూ హాజరు పట్టీలో పిల్లల పేర్లు నేనే వ్రాసేవాడిని. గడి ఇరుకు. పొడవైన ఇంటిపేర్లన్నిటినీ ఒక్కొక్క పొడి అక్షరంగా కత్తిరించి పేరుకు ముందు తగిలించేవాడిని. ఒకే తరగతిలో కె. రామారావులు ఇద్దరుంటే సీనియరు, జూనియరు అని పేరు పెట్టి నవ్వుకొన్నాము. ప్రవేశ పుస్తకంలో కూడా చాలాసార్లు అలాగే వ్రాశాను. అక్కడ వ్రాసినదే పదవ తరగతి ధ్రువపత్రంలోకి, అక్కడినుంచి ఉద్యోగంలోకి, బ్యాంకులోకి నడిచిపోయి ఉంటుంది. వాళ్ళకిప్పుడు నలభై, యాభై ఏళ్ళు. నేను గడిలో మిగుల్చుకొన్న ఆ అరంగుళం జాగాకు వాళ్ళలో ఎందరు ఏ కౌంటరు ముందు నిలబడ్డారో నాకు తెలియదు.

నా సంగతి విన్న పక్కింటి కుర్రవాడు తన పాసుపుస్తకం తెచ్చి చూపించాడు. అందులోనూ పేరుకు ముందు ఒక్కటే పొడి అక్షరం. పదవ తరగతి పత్రంలో ఉన్నట్టే ఉందండీ అన్నాడు. ఆ పత్రానికి మూలమైన పుట ఎవరి చేతివ్రాతో అతడు అడగలేదు, నేనే చెప్పాను. మరునాడు ఇద్దరమూ కలిసి బ్యాంకుకు వెళ్ళాము. అతని అర్జీ నేనే వ్రాశాను, ఇంటిపేరు పూర్తిగా, గుండ్రని అక్షరాలతో.